నాన్న పేరిట వచ్చిన నోటీసు

ఆదాయపు పన్ను వాళ్ల నోటీసు కోసం ఎగబడిన మనిషిని మీరు చూసి ఉండరు. నేనే ఆ మనిషిని. మా ఇంట్లో ఈ సంగతి ఎత్తితే ఇప్పటికీ నవ్వుతారు, నవ్వుకోనివ్వండి. ఆ రోజుల్లో మాత్రం నేను నవ్వులాటకు చేయలేదు.

మాది సికింద్రాబాద్‌లో చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు. తాతగారు మిషన్ బడిలో పని దొరికి గుంటూరు వైపు నుంచి వచ్చేశారు. నాన్న ఇక్కడే పుట్టి, ఇక్కడి మౌల్వీ దగ్గర ఉర్దూ నేర్చుకుని, కంటోన్మెంటులో తెల్లదొరలకు ఆ భాష చెప్పే మున్షీ అయ్యారు. ఆ దొరలు తగ్గిపోయాక వకీళ్లకు ఉర్దూ కాగితాలు ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చేవారు. మగపిల్లలు లేరు కాబట్టి నాకు నేర్పారని చుట్టాలు అంటుంటారు. అది తప్పు. ఆయనకు గొలుసుకట్టు ఉర్దూ చదివే ఓపిక తగ్గింది, నాకు కళ్లు బాగుండేవి, అందుకు నేర్పారు.

పోలీస్ చర్య జరిగిన ఏడాది, సైన్యం రాకముందే, వానలు మొదలైన కొత్తలో నాన్న జ్వరంతో పోయారు. ఆయనతో చాలాకాలంగా పని చేయించుకుంటున్న వకీలు ఒకాయన పరామర్శకు వచ్చారు. కాసేపు కూర్చున్నారు, కళ్లు తుడుచుకున్నారు, వెళ్లబోతూ సంచిలోంచి కాగితాల కట్ట తీశారు. "ఇది సగంలో ఆగిపోయింది. నువ్వు చెయ్యమ్మా. ముద్ర మాత్రం నాన్నగారిదే ఉండనీ, కోర్టులో ఆ ముద్రనే ఎరుగుదురు" అన్నారు. నాన్న ముద్ర కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రబ్బరు ముద్ర, ఊదా సిరా. చుట్టూ ఆయన పేరు, మధ్యలో అనువాదకుడు, సికింద్రాబాద్ అని ఉండేది. నేను పని పూర్తి చేశాను, ముద్ర వేశాను, వకీలు పంపిన డబ్బు అమ్మ చేతికిచ్చాను.

ఆ తర్వాత సైన్యం వచ్చింది, నిజాం సర్కారు పోయింది, ఆఫీసుల్లో మద్రాసు నుంచి, బొంబాయి నుంచి కొత్త అధికార్లు దిగారు. వాళ్లకు ఉర్దూ రాదు. ఊళ్లో ఉన్న దస్తావేజులన్నీ ఉర్దూలో ఉన్నాయి. ఇక చూడండి, మా గుమ్మం ముందు గుమాస్తాలు చెప్పులు విడిచే చోటు దొరకలేదు. పట్టాలు, తీర్పులు, గుత్తేదార్ల ఒప్పందాలు, ఒకటని కాదు. అమ్మ కుట్టుమిషను పక్కకు జరిపి బల్ల నాకు వదిలేసింది. పని చేసేది నేను, బిల్లు వెళ్లేది నాన్న పేరిట. పూర్తయిన ప్రతి కాగితం అడుగున ముద్ర పడేది. చెయ్యి దానంతటదే సిరా డబ్బా వైపు వెళ్లేంత అలవాటైపోయింది.

అలా కొంతకాలం గడిచాక నాకు కోపం రావడం మొదలైంది. ఎవరి మీద అంటే చెప్పలేను. నాన్న మీద కాదు. "మీ నాన్నగారి అనువాదం చాలా బాగుందమ్మా" అని, ఆయన పోయారన్న సంగతి తెలియనివాళ్లు గుమ్మంలో నిలబడి నాతోనే అంటుంటే ఒళ్లు మండేది. కోర్టువాళ్లు సొంతంగా అనువాదకుల జాబితా ఒకటి తయారు చేస్తున్నారని విని నా పేరుతో దరఖాస్తు పెట్టాను. ఆ జాబితాలో పేరున్న వాళ్లకే ఇక కోర్టు పని. లేనివాళ్ల తర్జుమాలు కోర్టు తీసుకోదు. అంటే మా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ జాబితాలో నా పేరు పడి తీరాలి.

కోర్టులో కాగితాలు చూసే పేష్కార్ నా దరఖాస్తు చదివి, నేను చూపించిన తర్జుమాలు తిరగేసి, అద్దాలు పైకి నెట్టుకున్నాడు.

"ఇవన్నీ మీ నాయనవి గద బిడ్డా. ముద్ర సూడు. నీది ఏదన్న ఉంటె తెచ్చి సూపెట్టు" అన్నాడు.

"అవన్నీ నేను చేసినవేనండి."

"అట్లని సర్కారు కాగితం ఏదన్న ఉందా? నోటిమాట మీద పేరు ఎక్కియ్య. జాబితా ఇంక బందు కాలె, తెస్తె ఎక్కిస్త."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. అయినా ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం గిన్నె మీద మూత విసిరేశాను. అమ్మ మూత తీసి మళ్లీ పెట్టింది.

సరిగ్గా అలాంటి సమయంలో వచ్చింది నోటీసు. ఆదాయపు పన్ను కేంద్రం చేతికి వెళ్లిన కొత్త. ఒక కాంట్రాక్టరు తన ఖర్చుల్లో తర్జుమా ఫీజులని నాన్న పేరు రాసి చూపించాడట. దాన్ని పట్టుకుని వాళ్లు నాన్నకు రాశారు: ఫలానా సంవత్సరంలో తమకు పన్ను పడే ఆదాయం ఉన్నట్టు తెలుస్తోంది, వివరాలు దాఖలు చేయండి, ఆధారాలు చూపించండి, లేకపోతే మాకు తోచినంత మేమే వేస్తాం అని. ఆ ఫలానా సంవత్సరం మొదలయ్యేనాటికే నాన్న సమాధి మీద గడ్డి మొలిచింది.

అమ్మ భయపడిపోయింది. నేను కవరు పట్టుకుని క్లాక్ టవర్ దగ్గర మేడ మీద ఉండే అకౌంటెంటు గారి దగ్గరికి వెళ్లాను. ఆయనది ఇక్కడ తరాలుగా ఉన్న కుటుంబం. బజారులో సగం దుకాణాల లెక్కలు ఆయన చేతిమీదుగానే వెళ్లేవి. నాన్నను ఎరుగుదురు. నోటీసు చదివి పగలబడి నవ్వారు.

"ఏందమ్మా గిది? పోయినోనికి నోటీసు ఇచ్చిన్రా? జెర గూడ పరేషాన్ గాకు. చర్చిల సమాధి చేసినట్టు నకలు తెచ్చియ్యి. మనిషి అప్పటికే లేడని నాలుగు లైన్లు రాస్త. నోటీసు ఆడికాడికే ఖతం."

"మరి ఆ డబ్బు ఎవరు సంపాదించారని అడిగితే?"

"అడిగినప్పుడు జూద్దాం. అడగకముందే ఎందుకు చెప్పుడు?"

నేను అక్కడ కూర్చునే ఆలోచించాను. ఆలోచించానంటే పెద్దమాట, ఒక్కసారిగా తట్టింది. పేష్కార్‌కు కావలసింది సర్కారు కాగితం. ఈ ఏడాది ఈ పని చేసి ఈ సంపాదన సంపాదించింది ఫలానా మనిషి అని సర్కారు తానే రాసి, సంతకం పెట్టి, మొహరు వేసి ఇచ్చే కాగితం పన్ను ఉత్తర్వు కాక ఇంకేముంది?

"నా పేరున రిటర్ను వేయండి" అన్నాను.

ఆయన చేతిలో కలం పక్కన పెట్టారు.

"పిచ్చి గిట్ల పట్టిందా బిడ్డా? మంది నోటీసంటె సందులల్ల దాక్కుంటరు, నువ్వు ఎదురు వోతనంటవు. పన్ను పడుతది. ఇన్నాళ్లు ఎందుకు వెయ్యలేదని జరిమానా సుత పడొచ్చు. అన్నిటికంటె పెద్ద తక్లీఫ్, పోయినాయన ముద్ర వాడినవు. ఆ ఆఫీసరు ఇది మోసమని రాసిండనుకో, కోర్టు నిన్ను వాకిట్లకు గూడ రానియ్యది."

ఆయన చెప్పింది నిజం. ఊరుకుంటే నోటీసు దానంతటది పోతుంది, నేనెవరో ఎవరికీ తెలియకుండా ఉండిపోతాను. ముందుకు వెళ్లి ఓడిపోతే ఇంట్లో ఉన్న పని కూడా పోతుంది. అమ్మ ముఖం గుర్తొచ్చింది. అయినా మొండికేశాను. నాకు మొండితనం తప్ప వేరే ఆస్తి లేదప్పుడు.

చివరికి ఆయనే తగ్గారు. "సరె. నేను పోత, మాట్లాడత. గాని ఏ కాగితం ఏందో, ఎందుకు పెట్టినవో అంత రాసియ్యి. ఆఫీసరు ముంగట నేను తడుముకోవద్దు" అన్నారు.

అలా రాశాను ఆ అప్పగింత చీటీ. నా జీవితంలో చాలామంది రాతలు తర్జుమా చేశాను గాని, అంత మనసు పెట్టి సొంతంగా రాసింది అదే మొదటిది. దాని నకలు నా దగ్గర ఇంకా ఉంది. ఇలా మొదలవుతుంది:

"అయ్యా, మా నాన్నగారి పేరిట వచ్చి పెండింగులో ఉన్న నోటీసు విషయమై ఈ కింది కాగితాలు మీకు అప్పగిస్తున్నాను. మొదట నోటీసు, అది వచ్చిన కవరుతో సహా, చేరిన తేదీ తపాలా ముద్ర మీద ఉంది. తర్వాత నా పేరిట నింపి నేను సంతకం చేసిన రిటర్ను. నా తరఫున మీరు హాజరు కావడానికి అధికారపత్రం. నాన్నగారిని సమాధి చేసినట్టు చర్చి రిజిస్టరు నకలు, అది తెలుగులో ఉంది కనుక ఇంగ్లీషు అనువాదం జత చేశాను. ఆయన పోయాక పని చేసింది నేనేనని, డబ్బు ఇచ్చింది నాకేనని వకీలుగారు, కాంట్రాక్టరు రాసిచ్చిన ఉత్తరాలు. ముద్ర అలాగే ఉంచమన్నది తామేనని వకీలుగారు అందులోనే రాశారు, ఆ మాట కింద గీత గీశాను. బిల్లుల నకళ్లు, ప్రతి బిల్లుకూ నా చేతిరాతలో ఉన్న చిత్తుప్రతి కుట్టాను. నిజాం హాలీ సిక్కాలో వచ్చిన డబ్బు హాలీలోనే చూపాను, ఇండియా రూపాయి కల్దార్‌లోకి మీరు మార్చుకోగలరు. కాగితం, సిరా, బస్సు ఖర్చులకు దొరికిన రసీదులు పెట్టాను. దీపం కిరసనాయిలుకు రసీదు లేదు, అడిగితే లేదనే చెప్పండి."

చివర ఈ రెండు వాక్యాలు: "పన్ను ఎక్కువ వేసినా ఒప్పుకోండి. పని నాది కాదంటే మాత్రం ఒప్పుకోవద్దు."

అకౌంటెంటుగారు చీటీ పక్కన పెట్టుకుని, ఒక్కొక్క కాగితం తీసి చూసి, చీటీలో దాని పక్కన టిక్కు పెట్టుకున్నారు. అన్నీ ఉన్నాయి. "మా గుమాస్తాలకు నువ్వు జెర నేర్పియ్యాలె" అని మెచ్చుకున్నారు. నేను గాల్లో తేలుతూ ఇంటికి వచ్చాను.

విచారణ రోజు సాయంత్రం ఆయన తిన్నగా మా ఇంటికే వచ్చారు. అమ్మ కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఏం జేసినవ్ బిడ్డా?" అన్నారు. "మీ నాయన సమాధి కాగితం ఇంగ్లీషుల రాసి, కింద ఎవల ముద్ర వేసినవ్?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. ఆ కాగితం తర్జుమా చేసిన రోజు బల్ల మీద ఇంకా రెండు తర్జుమాలు ఉన్నాయి. మూడూ ముగించాను, మూడింటికీ అలవాటు కొద్దీ ముద్ర వేశాను. మా నాన్నను ఫలానా రోజున ఈ చర్చి ఆవరణలో సమాధి చేశారు, ఇది యథాతథమైన అనువాదమని ధ్రువీకరిస్తున్నాను అని ఉన్న కాగితం కింద ఊదా సిరాలో మా నాన్నే ఉన్నారు. పక్కన ఆ వారం తేదీ.

"నాకు సుత కండ్లకు ఆనలే" అన్నారాయన, కోపమంతా దిగిపోయి. "మీ ఇంటి కాగితమంటె ఆ ముద్ర ఉండాలె అన్నట్టే చూసిన. ఆఫీసరు మాత్రం ఒక్క చూపుల పట్టిండు. రేపు ఆ అమ్మాయిని తోలుకొని రమ్మన్నడు. ఇంకేం జెప్పలే."

ఆ రాత్రి అమ్మ ప్రార్థన చేసింది. నేను చేయలేదు, నా మీద నాకే అంత కోపంగా ఉంది.

మర్నాడు బస్సులో హైదరాబాద్ వెళ్లాం. టాంక్ బండ్ పొడుగునా అకౌంటెంటుగారు నాకు పాఠం చెబుతూనే ఉన్నారు, తక్కువ మాట్లాడు, అడిగినదానికే చెప్పు, కోపం తెచ్చుకోకు అని. మూడోది రెండుసార్లు చెప్పారు.

ఆఫీసరు మద్రాసు నుంచి వచ్చినాయన, తెలుగువారే. ముఖంలో నవ్వు లేదు. బల్ల మీద నా చీటీ, దాని మీద ఆ అనువాదం. వేలితో ముద్ర చూపించారు.

"మీ నాన్నగారు చాలా శ్రద్ధగల మనిషమ్మా. తన సమాధి కాగితాన్ని తానే తర్జుమా చేసుకుని, సరిగ్గా ఉందని ముద్ర కూడా వేశారు."

భయంతో బిగుసుకుపోయి ఉన్నానా, ఆ మాటకు నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేకపోయాను. అకౌంటెంటుగారు కళ్లు మూసుకున్నారు. నవ్వి నవ్వి కొంగుతో ముఖం తుడుచుకుని చూస్తే ఆఫీసరు ముఖం కూడా కొంచెం సడలింది.

"ఈ ముద్ర వేసింది ఎవరు?"

"నేనేనండి."

"ఎందుకు వేశావు?"

"పని అయిపోతే వేస్తాను. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నట్టు. చూసుకోకుండా వేశాను."

ఆయన ఇంకో ఫైలు తెరిచారు. కాంట్రాక్టరు దాఖలు చేసిన అసలు బిల్లులు. వాటి మీదా అదే ముద్ర. పక్కపక్కన పెట్టి చూశారు. "ముద్రకు కుడివైపు చిన్న అడ్డగీత ఉంది, అన్నింటికీ. సమాధి కాగితానికీ ఉంది. ఇదేమిటి?"

"చిత్తుతో సరిచూశాక కలంతో నేను పెట్టే గీత. నాన్న పెట్టేవారు కాదు. నా చిత్తుల చివర కూడా చూడండి, బిల్లులకు కుట్టి ఇచ్చాను."

ఆయన నా చీటీలోని వరుస ప్రకారం చిత్తులు తీశారు. ఒకటి చూశారు, రెండోది చూశారు, తర్వాత ఊరికే తిరగేస్తూ పోయారు. నేను నా చేతులు ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను.

"మీ అకౌంటెంటుగారు ఈ ఉత్తరాలన్నీ చూపించినప్పుడు నేను నమ్మలేదమ్మా. వెనక ఎవరో మగమనిషి ఉండి, పన్ను తప్పించుకోవడానికి నిన్ను ముందుకు తోశాడనుకున్నాను. ఉత్తరాలు ఎవరైనా రాయిస్తారు. కానీ ఇలాంటి పొరపాటు రాయించి తెచ్చేది కాదు. నిజంగా రోజూ ఈ పని చేసే మనిషికే ఇది వస్తుంది." చీటీ చివరి వాక్యాలు మళ్లీ చదువుకున్నారు. "పన్ను ఎక్కువ వేసినా ఒప్పుకోమని రాశావు. ఎక్కువ వెయ్యను, పడాల్సినంతే వేస్తాను."

నా వాంగ్మూలం రాయించారు, చదివి వినిపించారు, సంతకం పెట్టమన్నారు. అడుగున ఎవరి పేరు రాయాలో ఆ రోజు నేను పొరపాటు పడలేదు. లేస్తుంటే అన్నారు, "తనంతట తాను వచ్చి చెప్పిన మనిషి మీద జరిమానా నాకు ఇష్టం లేదు. ఆ ముద్ర మాత్రం ఇక వాడకు."

బయట మెట్ల మీద అకౌంటెంటుగారు నిలబడిపోయారు. "ఇన్నేండ్ల నుంచి ఈ దఫ్తర్లకు తిరుగుతున్న. తప్పు కాగితం పెట్టి గెలిచినోళ్లను ఇయ్యాలనే సూసిన" అన్నారు. ఇద్దరం పక్కనున్న ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. ఆ చాయ్ రుచి నాకు ఇంకా నాలుక మీద ఉంది.

కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. నాన్న మీద వ్యవహారం నిలిపివేసినట్టు ఒక కాగితం, నా మీద పన్ను వేసినట్టు ఇంకొకటి. రెండో దాన్ని నేను చదివినన్ని సార్లు ఎవరూ ప్రేమలేఖ చదివి ఉండరు. వృత్తి: అనువాదం. ఆ గడికి ఎదురుగా నా పేరు, మూడక్షరాలు తప్పు లేకుండా. పన్ను కట్టడానికి ఖజానాకు వెళ్తే, వరసలో నిలబడ్డవాళ్లంతా చావు ఇంటికి వచ్చినట్టు ఉన్నారు, నేనొక్కదాన్నే పెళ్లికి వచ్చినట్టు ఉన్నాను. నా వెనకాయన ఉండబట్టలేక అడిగాడు, "ఏందమ్మా, పైసలు ఇచ్చేదానికి వచ్చినవా, తీసుకునేదానికా?"

"ఇచ్చేదానికే" అన్నాను. "నా పేరున వచ్చింది." ఆయనకు ఏం అర్థమైందో గాని కొంచెం దూరం జరిగాడు.

ఉత్తర్వు, కట్టిన రసీదు రెండూ తీసుకెళ్లి పేష్కార్ బల్ల మీద పెట్టాను. ఆయన అద్దాలు పైకి నెట్టుకుని మొదటి నుంచి చివరి వరకు చదివాడు. "గిట్ల సర్కారు కాగితం తెమ్మంటె పన్ను కట్టి తెచ్చినవా?" అన్నాడు. అని, నా దరఖాస్తు వెతికి తీసి పైన పెట్టాడు.

జాబితా కోర్టు వరండాలో అంటించిన రోజు అమ్మను వెంట తీసుకెళ్లాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా ముద్ర మీద ఇన్నేళ్లుగా చూసి చూసి నాన్న పేరు ఆకారం గుర్తుపడుతుంది. కాగితం దగ్గరికి వంగి పై నుంచి కిందికి వెతికింది.

"మీ నాన్న పేరు లేదేమే?" అంది.

"లేదమ్మా. ఇదిగో, ఇది నాది" అని వేలు పెట్టి చూపించాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. వరండాలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు, చూడనిచ్చాను.

అమ్మ నా పేరు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. నేను ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"పోనీలే" అంది. "పోయాక కూడా ఆయనకు పని తప్పలేదు. ఇన్నాళ్లకు మాన్పించావు."